స్లైడ్ అడుగున ఆధారం: చిన్నగా రాయాలి, వెతికితే దొరకాలి

ప్రశ్న: "నేను నెలనెలా గణాంకాలతో స్లైడ్లు తయారు చేస్తాను. ప్రతి చార్టు కింద సోర్స్ ఉండాలంటారు. పూర్తి లింక్ పెడితే స్లైడ్ అడుగంతా అదే కనిపిస్తుంది. ఫాంట్ 6కి దించితే ఎవరికీ కనపడదు. 'సోర్స్: ప్రపంచ బ్యాంకు' అని రాసి వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత నాకే ఆ అంకె దొరకడం లేదు. చిన్నగా ఉంటూనే ఎవరైనా సరిచూసుకునేలా ఎలా రాయాలి?"

ఫాంట్ తగ్గించకండి, మాటలు తగ్గించండి. 10 పాయింట్లలో ఒకే వరుసలో పట్టేంత స్లైడ్ మీద ఉంచి, మిగతాదంతా నోట్స్‌లోకి పంపండి. ఏ మాట ఉంచాలి, ఏది నోట్స్‌కి పంపాలి అన్న దగ్గరే చాలామంది తడబడతారు కాబట్టి దాని గురించే వివరంగా రాస్తాను.

ఆ వరుసను చదివేది ఎవరో ముందు ఊహించుకోండి. హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది దాన్ని చదవరు. చదివేది మీ అంకె మీద అనుమానం వచ్చిన ఒక్కరు, అది కూడా చాలాసార్లు మీరు పక్కన లేనప్పుడు. ఆ మనిషి చేతిలో మీ ఫైలు కూడా ఉండకపోవచ్చు, ఎవరో ఫోన్‌లో పంపిన ఆ ఒక్క స్లైడ్ ఫొటో ఉంటుంది. దాన్ని పట్టుకుని అసలు అంకె దగ్గరికి వెళ్లాలంటే నాలుగు సంగతులు తెలియాలి: ప్రచురించింది ఎవరు, ఏ నివేదిక లేదా ఏ పట్టిక, అందులో ఏ కూర్పు, ఆ కూర్పులో ఎక్కడ. ఈ నాలుగూ స్లైడ్ మీద ఉండి తీరాలి. లింకు, పూర్తి శీర్షిక, రచయితలందరి పేర్లు, ప్రచురణకర్త చిరునామా లాంటివి నోట్స్‌లో ఉంటే సరిపోతుంది.

ఈ నాలుగింటిలో మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది మూడోది, కూర్పు. నాకు దెబ్బ తగిలిందీ దానితోనే. కొన్నేళ్ల కిందట ఒక సమావేశంలో ఆయుర్దాయం మీద చార్టు చూపించాను. కింద "ఆధారం: ప్రపంచ బ్యాంకు, 2022" అని ఉంది. ప్రశ్నల సమయంలో ఒకాయన ఫోన్‌లో ఆ సైటు తెరిచి, "మీరు చూపించిన అంకె ఇక్కడ లేదండీ, వేరేగా ఉంది" అన్నారు. నాకు ఒక్కసారిగా టెన్షన్ పట్టుకుంది. అంకె నేను కల్పించింది కాదు, డౌన్‌లోడ్ చేసిన ఫైల్లోంచి తీసిందే. కానీ ఆ మాట అక్కడ నిరూపించలేకపోయాను. పైగా నేను రాసిన 2022 దేన్ని చెబుతోందో నాకే గుర్తు లేదు. చార్టులో చివరి ఏడాదా, నేను ఫైలు దించిన ఏడాదా? ఇంటికి వెళ్లి వెతికితే కంప్యూటర్లో అదే సూచికకి మూడు ఫైళ్లు దొరికాయి, మూడింట్లో అంకెలు కొద్దికొద్ది తేడాతో ఉన్నాయి. ఏ ఫైలుతో ఆ చార్టు గీశానో తేల్చడానికి సాయంత్రమంతా పట్టింది.

తేడా ఎందుకు వచ్చిందంటే, అలాంటి అంకెలు కాలంతో పాటు సవరణకు గురవుతాయి. ప్రపంచ బ్యాంకు ఇచ్చే ఆయుర్దాయం అంకెల్లో చాలా భాగం ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం అంచనాల నుంచి వస్తాయి. ఆ విభాగం కొన్నేళ్లకోసారి కొత్త కూర్పు విడుదల చేస్తుంది. 2022లో ఒకటి వచ్చింది, 2024లో మరొకటి వచ్చింది. కొత్త కూర్పు రాగానే కొత్త ఏళ్లు కలవడమే కాదు, గడిచిపోయిన ఏళ్ల అంకెలను కూడా తిరిగి లెక్కకడతారు. అందుకే "2015 ఆయుర్దాయం" అన్నది ఒకే అంకె కాదు, ఏ కూర్పులో చూశామన్న దాన్ని బట్టి మారుతుంది. జనాభా, స్థూల దేశీయోత్పత్తి, ఉపాధి లాంటి అంకెలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. కూర్పు రాయకపోతే సరైన అంకె కూడా తప్పులా కనిపిస్తుంది.

ఇప్పుడు అదే చార్టును సరిగ్గా ఎలా రాయాలో మొదటినుంచి చూద్దాం. ఆ సూచిక పేజీ తెరిచి బ్రౌజర్లో లింకు కాపీ చేస్తే ఇలాంటిది వస్తుంది:

```
https://data.worldbank.org/indicator/SP.DYN.LE00.IN?end=2022&start=1990&view=chart
```

స్లైడ్ కింద ఇది పెడితే రెండు వరుసలు తినేస్తుంది, స్లైడ్ ఫొటో చూసి దీన్ని టైపు చేసే ఓపిక ఎవరికీ ఉండదు. అయితే ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది: SP.DYN.LE00.IN. అది ఆ సూచిక కోడ్. పుట్టిననాటి ఆయుర్దాయం, మొత్తం జనాభాకి, ఏళ్లలో అన్నదానికి ప్రపంచ బ్యాంకు పెట్టుకున్న గుర్తు. ఆ కోడ్ కొట్టి వెతికితే ఆ పేజీ దొరుకుతుంది. లింకు రూపం రేపు మారిపోవచ్చు కానీ కోడ్ పట్టుకుని వెతికేవాళ్లకి దారి దొరుకుతుంది. పైగా "ఆయుర్దాయం" అని మాత్రమే రాస్తే మగవాళ్లదా, ఆడవాళ్లదా, మొత్తానిదా అన్న సందేహం మిగులుతుంది. కోడ్ రాస్తే ఆ సందేహానికి చోటుండదు, ఎందుకంటే ఆ మూడింటికీ కోడ్‌లు వేరువేరు.

ఇక కూర్పు. దీనికోసం నేను దించిన సీఎస్‌వీ ఫైలు తెరిచి పై వరుసలు చూస్తాను. చాలామంది ఆ వరుసలను అడ్డంగా ఉన్నాయని తీసేసి పని మొదలుపెడతారు. కానీ మనకి కావాల్సింది అక్కడే ఉంటుంది:

```
"Data Source","World Development Indicators",
"Last Updated Date","2025-01-28",
```

ఉదాహరణకి మీ ఫైల్లో తేదీ పైన ఉన్నట్టే ఉందనుకుందాం. ఆ రెండో వరుసలోది ప్రచురించినవాళ్లు డేటాను చివరిసారి మార్చిన తేదీ. స్లైడ్ మీద రాయాల్సింది ఇదే. మీరు దించుకున్న తేదీ దీనికన్నా తక్కువ ఉపయోగం, ఎందుకంటే మీరు మార్చిలో దించినా ఏప్రిల్‌లో దించినా మధ్యలో వాళ్లు ఏమీ మార్చకపోతే అది ఒకే కూర్పు. ప్రచురణకర్త అలాంటి తేదీ ఇవ్వనప్పుడు మాత్రం మీరు దించుకున్న తేదీ రాయక తప్పదు. అప్పుడు "దించింది" అన్న మాట తేదీ పక్కన ఉండాలి. ఉత్త తేదీ రాస్తే నా 2022 లాగే అయోమయం.

ఇవన్నీ కలిపితే స్లైడ్ మీద వరుస ఇలా వస్తుంది:

ఆధారం: ప్రపంచ బ్యాంకు, SP.DYN.LE00.IN, 28-1-2025 కూర్పు

నాలుగో సంగతి, "ఎక్కడ" అన్నది, ఇక్కడ చార్టే చెబుతుంది: ఏ దేశాలు, ఏ ఏళ్లు అన్నది గీతల పేర్లలోనూ అడ్డగీత మీదా ఉంటుంది కాబట్టి మళ్లీ రాయక్కర్లేదు. స్లైడ్ వెడల్పులో సగం కూడా పట్టని వరుస ఇది. ఆ రోజు నా స్లైడ్ మీద ఇది ఉండి ఉంటే, "మీరు చూస్తున్నది తర్వాతి కూర్పండీ" అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లేవాణ్ని.

అదే స్లైడ్ నోట్స్‌లో, నేను మాట్లాడాల్సిన విషయం అంతా అయ్యాక, చివర ఈ భాగం ఉంటుంది:

ఆధారం: ప్రపంచ బ్యాంకు, వరల్డ్ డెవలప్‌మెంట్ ఇండికేటర్స్
సూచిక: పుట్టిననాటి ఆయుర్దాయం, మొత్తం, ఏళ్లలో (SP.DYN.LE00.IN)
లింకు: https://data.worldbank.org/indicator/SP.DYN.LE00.IN
కూర్పు: 28-1-2025, దించింది: 12-3-2025
ఫైలు: ఆయుర్దాయం_కూర్పు-2025-01-28.csv
వాడిన ఏళ్లు: 1990 నుంచి 2022
చేసిన మార్పు: ఒక దశాంశానికి సవరించాను, ఇంకేమీ మార్చలేదు

లింకులో ప్రశ్నార్థకం తర్వాత ఉన్న తోక తీసేశానని గమనించండి. అది మీ తెరమీద ఆ క్షణంలో ఉన్న ఎంపికలను గుర్తుపెట్టుకునే భాగం, చాలా సైట్లలో అది లేకపోయినా పేజీ తెరుచుకుంటుంది. తీసేశాక ఒకసారి కొత్త విండోలో తెరిచి చూడండి. కొన్ని చోట్ల ఆ తోకలోనే పట్టిక నంబరు ఉంటుంది, అలాంటప్పుడు ఉంచాల్సిందే.

ఫైలు పేరు గురించి ఒక మాట. ప్రపంచ బ్యాంకు నుంచి దించిన ఫైలు పేరులో కోడ్ ఉంటుంది కానీ తేదీ ఉండదు. దించిన వెంటనే, ఎక్సెల్‌లో తెరవకముందే, కూర్పు తేదీతో పేరు మార్చి, చార్టు ఫైలు ఉన్న ఫోల్డర్లోనే ఒక కాపీ పెట్టండి. ఆ కాపీని ఎప్పుడూ దిద్దకండి, లెక్కలన్నీ ఇంకో ఫైల్లో చేసుకోండి. పైన చెప్పిన నా మూడు ఫైళ్ల గొడవ ఇది చేయకపోవడం వల్లే వచ్చింది.

వెబ్ పేజీలో మాత్రమే ఉన్న అంకె అయితే, ఫైలుగా దించుకునే వీలు లేకపోతే, ఆ పేజీ నకలు భద్రపరచాలి. web.archive.org/save తెరిచి లింకు ఇస్తే ఆ పేజీని ఆ క్షణంలో ఉన్నట్టుగా దాచిపెడుతుంది. వచ్చే కొత్త లింకులో 14 అంకెల సంఖ్య ఉంటుంది: ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. అంటే నకలు తీసిన తేదీ లింకులోనే ఉన్నట్టు. ఆ లింకు నోట్స్‌లో అసలు లింకు కింద పెట్టండి. నకలు వచ్చాక తప్పకుండా తెరిచి అంకె కనిపిస్తోందో లేదో చూడండి. మౌస్ కదిపితే అంకెలు చూపించే చార్టులు, డాష్‌బోర్డులు చాలావరకు ఆ నకల్లో ఖాళీగా వస్తాయి. అలాంటి వాటికి తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఫోల్డర్లో పెట్టుకోవడమే మార్గం.

నివేదిక పీడీఎఫ్ అయితే "ఎక్కడ" అన్నది ప్రాణం. 200 పేజీల నివేదిక పేరు ఒక్కటే రాసి వదిలేస్తే ఆధారం ఇచ్చినట్టు కాదు. పట్టిక నంబరు ఉంటే అదే రాయండి, లేకపోతే పేజీ. ఇక్కడ ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. నివేదికల్లో ముందుమాట, విషయసూచిక పేజీలకి రోమన్ అంకెలు వేసి, అసలు విషయం మొదలైన చోట 1 వేస్తారు. అందువల్ల పేజీ అడుగున 14 అని అచ్చయిన చోటు పీడీఎఫ్ చూపించే లెక్కలో 26 అవుతుంది. స్లైడ్ మీద అచ్చయిన పేజీ నంబరే రాయండి, ఎందుకంటే పుస్తకం చేతిలో ఉన్నవాళ్లకీ అది పనికొస్తుంది. నోట్స్‌లోని లింకుకి మాత్రం పీడీఎఫ్ లెక్క వాడాలి. లింకు చివర #page=26 అని తగిలిస్తే ఇప్పుడు వాడుకలో ఉన్న బ్రౌజర్లలో చాలావరకు నేరుగా ఆ పేజీ దగ్గరే తెరుచుకుంటుంది. ఈ రెండు అంకెలనూ కలగాపులగం చేస్తే, వెతికినవాళ్లు పన్నెండు పేజీల అవతల దిగి, అక్కడ ఏమీ లేదని మిమ్మల్నే అనుమానిస్తారు.

పరిశోధన వ్యాసాలకి పని సులువు. ఇంటిపేరు, ఏడాది, పత్రిక పేరు, సంపుటం, పేజీ స్లైడ్ మీద పెట్టి, డీఓఐ అనే శాశ్వత గుర్తు నోట్స్‌లో పెట్టండి. డీఎన్ఏ నిర్మాణం మీద వచ్చిన ప్రసిద్ధ వ్యాసాన్నే తీసుకుంటే, స్లైడ్ మీద "వాట్సన్, క్రిక్ 1953, నేచర్ 171:737" చాలు, నోట్స్‌లో https://doi.org/10.1038/171737a0 ఉంటుంది. ప్రచురణకర్త సైటు మారినా డీఓఐ కొత్త చోటికి తీసుకెళుతుంది, అందుకే బ్రౌజర్లో కనిపించే లింకు కన్నా అదే నమ్మకం.

లింకును పొట్టిగా చేసే సేవలు ఈ పనికి వాడొద్దని నా గట్టి సలహా. పొట్టి లింకు చూస్తే అది ఎక్కడికి వెళుతుందో తెలియదు, ప్రచురణకర్త పేరు కూడా మాయమవుతుంది. ఆ సేవ మూతపడితే మీ ఆధారం కూడా పోతుంది. గూగుల్ నడిపిన goo.gl లాంటిదే 2019లో కొత్త లింకులు ఇవ్వడం ఆపేసింది. ప్రతి స్లైడ్ మూలా క్యూఆర్ కోడ్ పెట్టడం కూడా నాకు నచ్చదు. స్కాన్ చేసే దూరంలో పదో వంతు వెడల్పు కోడ్‌కి ఉండాలని ఒక మోటు లెక్క ఉంది. అంటే 5 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్ల కోసం తెర మీద అర మీటరు కోడ్ కావాలి. అంత చోటు ఆధారానికి ఇవ్వలేం. చివరి స్లైడ్ మీద పెద్దగా ఒక్క కోడ్ పెట్టి, ఆధారాలన్నీ ఉన్న పీడీఎఫ్‌కి దారి చూపించడం వరకు బాగానే ఉంటుంది.

ఇప్పుడు అందరూ దాటేసే చోటికి వస్తాను: మీరు లెక్కగట్టిన అంకెలు. ఒక పట్టికలో 2010కి 48 శాతం, 2020కి 60 శాతం అని ఉందనుకుందాం. మీరు స్లైడ్ మీద "25 శాతం పెరిగింది" అని పెద్ద అక్షరాలతో రాసి, కింద ఆ పట్టిక పేరు రాశారు. సరిచూసేవాళ్లు పట్టిక తెరిచి 25 కోసం వెతుకుతారు. అది అక్కడ ఉండదు. 60లోంచి 48 తీసేసి, వచ్చిన 12ని 48తో భాగించింది మీరు. ఇంకొకరు అదే మార్పుని "12 శాతం పాయింట్లు" అంటారు, అదీ నిజమే. అందుకని వరుస చివర రెండు మాటలు చేర్చాలి: "శాతం మార్పు: మా లెక్క". నోట్స్‌లో లెక్క మొత్తం రాయాలి:

(60 − 48) ÷ 48 = 0.25, పట్టిక 3, వరుస 7, 2010 నుంచి 2020

ఇలా రాస్తే ప్రచురణకర్త మాట ఏదో, మీ మాట ఏదో విడిగా తెలుస్తుంది. మీ లెక్కలో పొరపాటు ఉంటే నింద వాళ్ల మీద పడదు, అది కూడా ముఖ్యమే. మీరు వాళ్ల చార్టునే తిరిగి గీసి కొన్ని గీతలు తీసేస్తే, "ఆధారం" బదులు "ఆధారంగా గీసింది" అనండి.

ఇంకొకరి ద్వారా తెలిసిన అంకెల విషయంలో కూడా ఇదే నిజాయితీ కావాలి. పత్రికలో ఒక వార్త చదివారు, అందులో ఏదో నివేదిక అంకె ఉంది. నివేదిక తెరవకుండా నివేదిక పేరే ఆధారంగా రాయకండి. తెరిచి, ఆ అంకె కళ్లారా చూసి, పేజీ నంబరుతో రాయండి. తెరవడం కుదరకపోతే "ఫలానా నివేదిక, ఫలానా పత్రిక ఉటంకించినట్టు" అని చూసింది చూసినట్టే రాయండి. వరుస కాస్త పొడవవుతుంది, ఫరవాలేదు.

ఒకే స్లైడ్ మీద రెండు మూడు ఆధారాలు ఉన్నప్పుడు అంకె పక్కన పైన చిన్న 1, 2 వేయడం అందరికీ అలవాటు. వచనం అయితే ఇబ్బంది లేదు. కానీ సంఖ్యల పక్కన అవి ప్రమాదం. "10" పక్కన పైన చిన్న 3 వేస్తే వెనక వరుసలో కూర్చున్నవాళ్లకి అది పది ఘనం, అంటే వెయ్యి. అలాంటి చోట్ల అంకెల బదులు క, చ, ట లాంటి అక్షరాలు వాడండి. ఇంకా మంచిది, చార్టులు పక్కపక్కన ఉంటే ఏ చార్టు ఆధారం ఆ చార్టు కిందే పెట్టడం. అప్పుడు గుర్తులే అక్కర్లేదు. మొత్తం స్లైడ్లకి 1 నుంచి 40 దాకా వరుస నంబర్లు ఇవ్వడం మాత్రం మానుకోండి. పవర్‌పాయింట్‌లో వర్డ్‌లో ఉన్నట్టు ఫుట్‌నోట్లు తమంతట తామే నంబరు మార్చుకునే సౌకర్యం లేదు. సమావేశానికి ముందు రాత్రి ఒక స్లైడ్ ముందుకు జరిపితే ఆ తర్వాతి నంబర్లన్నీ చేత్తో దిద్దాలి, ఒకటి తప్పక మిగిలిపోతుంది.

ఫాంట్ సైజు సంగతికి వద్దాం. 6 పాయింట్లు ఎందుకు పనికిరావో ఒక చిన్న లెక్కతో తేలుతుంది. వెడల్పు స్లైడ్ ఎత్తు 7.5 అంగుళాలు, అంటే 540 పాయింట్లు. దాన్ని 1.5 మీటర్ల ఎత్తు తెర మీద వేస్తే 10 పాయింట్ల ఫాంటులో ఇంగ్లీషు పెద్ద అక్షరం ఎత్తు సుమారు 2 సెంటీమీటర్లు వస్తుంది, 6 పాయింట్లలో దాదాపు 1.2 సెంటీమీటర్లు. కళ్ల డాక్టరు దగ్గర 6/6 చూపుకి పెట్టుకున్న కొలత ప్రకారం, 10 మీటర్ల దూరం నుంచి చదవాలంటే అక్షరం కనీసం 1.45 సెంటీమీటర్లు ఉండాలి. అంటే 10 పాయింట్లు కష్టపడితే చదవగలం, 6 పాయింట్లు 6/6 చూపు ఉన్నవాళ్లు కూడా చదవలేరు. తెలుగులో వరుస రాస్తే 12 పెట్టండి. గుణింతపు గుర్తులు, కింద ఒత్తులు ఉండటంతో చిన్న సైజులో అక్షరాలు ముద్దగా అతుక్కుపోతాయి.

చిన్నగా కనిపించాలంటే సైజుకన్నా రంగు ఎక్కువ సాయం చేస్తుంది. నలుపు బదులు ముదురు బూడిద రంగు వాడితే వరుస వెనక్కి తగ్గినట్టు ఉంటుంది, అయినా చదవగలం. తెల్ల నేపథ్యం మీద #767676 కన్నా లేత రంగు వాడకండి. వెబ్‌లో చదవగలిగే వచనానికి, అక్షరాలకీ నేపథ్యానికీ మధ్య పెట్టుకున్న 4.5 వెలుగు నిష్పత్తి హద్దు దాదాపు అక్కడే ఉంటుంది. ప్రొజెక్టర్ వెలుగులో రంగులు ఇంకా వెలిసిపోతాయి కాబట్టి నేను #595959 వాడతాను. ఫొటో మీద నేరుగా ఆధారం రాయకండి, పక్కన ఖాళీ చోటులో రాయండి.

ఈ వరుస ప్రతి స్లైడ్‌లో ఒకే చోట రావాలంటే టెక్స్ట్ బాక్స్ కాపీ చేసుకుంటూ పోవడం పద్ధతి కాదు. పవర్‌పాయింట్‌లో View > Slide Master తెరిచి, మీరు చార్టులకి వాడే లేఅవుట్ ఎంచుకుని, Insert Placeholder > Text తీసుకుని అడుగున ఒక పొడవాటి పెట్టె గీయండి. అందులోని నమూనా వచనం మొత్తం తీసేసి "ఆధారం: ఎవరు, ఏ పట్టిక, ఏ కూర్పు, ఎక్కడ" అని రాయండి. బుల్లెట్ తీసేసి, సైజు 10, తెలుగులో అయితే 12 పెట్టి, వచనం పెట్టె అడుగుకి అంటుకునేలా Bottom ఎంచుకోండి, అప్పుడు రెండో వరుస వచ్చినా పైకి పెరుగుతుంది కానీ స్లైడ్ దాటి కిందికి జారదు. Format Shape లో Do not Autofit ఎంచుకోవడం మర్చిపోవద్దు. అది వదిలేస్తే వచనం పెరిగినప్పుడు ఫాంట్ మీకు తెలియకుండానే 7కో 6కో తగ్గిపోతుంది. మీరు రాసిన ఆ నమూనా వాక్యం తయారుచేసే సమయంలో మాత్రమే కనిపిస్తుంది, ప్రదర్శనలో రాదు. ఆధారం నింపని స్లైడ్ ఏదో మీకు కనిపిస్తూనే ఉంటుంది, అదే దాని లాభం. గూగుల్ స్లైడ్స్‌లో ఈ పని View > Theme builder లో చేసుకోవచ్చు.

ఫుటర్‌ని ఇందుకు వాడే అలవాటు ఉంటే మానేయండి. ఎవరో తేదీ మార్చడానికి Header & Footer తెరిచి Apply to All నొక్కితే ఏ స్లైడ్‌కి ఆ స్లైడ్‌గా మీరు రాసుకున్న ఆధారాలన్నీ ఒకే మాటగా మారిపోతాయి. నేను ఒకసారి 31 స్లైడ్ల ఆధారాలు అలా పోగొట్టుకుని పాత కాపీలోంచి మళ్లీ రాసుకున్నాను.

నోట్స్ గురించి ఇంకొక జాగ్రత్త చెప్పాలి. ఫైలును మామూలుగా పీడీఎఫ్ చేస్తే నోట్స్ అందులో రావు. File > Export లో పీడీఎఫ్ ఎంచుకుని, Options లో Publish what దగ్గర Notes pages పెట్టాలి. లింకులు పనిచేసే పీడీఎఫ్ కావాలంటే ఇలా ఎగుమతి చేయండి, ప్రింట్ దారిలో పీడీఎఫ్ తీస్తే చాలాసార్లు లింకులు చచ్చిపోయి ఉత్త అక్షరాలుగా మిగులుతాయి. ఇంకోటి, బయటివాళ్లకి పంపేముందు కొన్ని ఆఫీసుల్లో Inspect Document నడిపి Presentation Notes తీసేస్తారు. మీ దగ్గర అలా చేస్తారంటే పూర్తి ఆధారాలను చివర ఒక అదనపు స్లైడ్‌లో కూడా పెట్టండి. ఆ స్లైడ్‌ని ప్రదర్శనలో చూపించరు కాబట్టి అక్కడ 10 పాయింట్లలో ఎంత రాసినా ఫరవాలేదు. వాటిని స్లైడ్ నంబరు ప్రకారం కాకుండా ఆధారం పేరు ప్రకారం పేర్చండి, స్లైడ్లు అటూ ఇటూ జరిగినా అవి తప్పు కావు.

అంతా అయ్యాక నేను చేసే పరీక్ష ఒకటుంది. ముఖ్యమైన రెండు మూడు స్లైడ్లు స్క్రీన్‌షాట్ తీసి, ఆ పనితో సంబంధం లేని సహోద్యోగికి ఫోన్‌లో పంపి, "ఇందులో ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూపించగలవా" అని అడుగుతాను. ఫైలు ఇవ్వను, నోట్స్ ఇవ్వను. రెండు నిమిషాల్లో ఆ అంకె ఉన్న గడి మీద వేలు పెట్టగలిగితే ఆ వరుస సరిపోయినట్టు. ఎక్కడ ఆగిపోయారో అడిగితే ఏ ముక్క తక్కువైందో అప్పుడే తెలుస్తుంది. నివేదిక దొరికి పేజీ దొరకలేదంటే పట్టిక నంబరు రాయలేదన్నమాట. పట్టిక దొరికి అంకె వేరేగా ఉందంటే కూర్పు రాయలేదు. అంకె అసలు లేదంటే అది మీరు లెక్కగట్టింది, ఆ మాట రాయడం మర్చిపోయారు.